మాటల్లేని యానిమేషన్ స్క్రిప్టు: మామ్మ మనసులో ఉన్నది తెర మీదికి ఎలా వస్తుంది?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా తాతయ్య కొమ్ముతో దువ్వెనలు, కొంగలు, రొయ్యలు చేసేవారు. ఆయన పోయాక మామ్మ ఒక్కతే ఉంటోంది. దీని మీద అయిదు నిమిషాల యానిమేషన్ సినిమా రాశాను, ఒక్క మాట కూడా లేకుండా. తాత సగం పళ్ళు కోసి వదిలేసిన దువ్వెన ఒకటి ఉంటుంది. మనవడు మామ్మను హైదరాబాద్ తీసుకుపోవడానికి వస్తాడు. ఆమె తర్జనభర్జన పడి చివరికి ఉండిపోతుంది. స్క్రిప్టు చదివినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అదే బొమ్మలు గీసి వరసగా పెట్టి చూపిస్తే ‘ఆవిడ ఎందుకు ఆగిపోయింది?’ అని అడిగారు. ఫ్లాష్‌బ్యాక్ పెట్టనా? మధ్యలో అక్షరాల కార్డులు వేయనా? స్క్రిప్టు జతచేశాను.

సమాధానం:

రెండూ వద్దు. ఎందుకో చెబుతాను. ముందు నా సంగతి: పుట్టింది మీ పక్కనే, బరంపురంలో. 16 ఏళ్ళుగా హైదరాబాద్‌లో స్టోరీబోర్డులు గీస్తున్నాను. మీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను.

చదివినవాళ్ళు ఏడ్చింది మీ సినిమాకు కాదు, మీ వాక్యాలకు. ‘మామ్మ తాతను తలుచుకుంటుంది’ అని రాశారు. చదివేవాడికి ఆ వాక్యంలోనే పని అయిపోయింది. గీసేవాడికి ఏం ఇచ్చారు? ఒక ముసలావిడ, ఒక గోడ, ఒక చూపు. ఆవిడ తాతను తలుచుకుంటోందో, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయిందో బొమ్మలో తేడా లేదు. స్క్రిప్టు మీద ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చోండి. తలుచుకుంటుంది, తర్జనభర్జన పడుతుంది, నిర్ణయించుకుంటుంది, బాధ దిగమింగుతుంది వంటి మనసు క్రియలన్నీ కొట్టేయండి. నేను లెక్కపెడితే 14 వచ్చాయి. అవి పోయాక మీ కథలో మిగిలేది చాలా తక్కువ. మీరు చూపించిన బొమ్మల్లో జనానికి కనబడింది ఆ మిగిలినదే.

అయితే కొట్టేసిన చోట ఏం రాయాలి? కన్నీళ్ళు, కనుబొమలు, ముఖం దగ్గరి షాట్లు అనుకుంటారు చాలామంది. నేను వెళ్ళే దారి వేరు. ఒక వస్తువు ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది, ఆ మార్పు ఎవరి చేతి మీదుగా జరిగింది అన్నది రాస్తాను. ఆ రెండు స్థితుల మధ్య తేడాను చూసేవాడే కూడుకుంటాడు. అలా తను కూడుకున్నదే అతనికి భావంగా తగులుతుంది.

మీ స్క్రిప్టులో అలాంటి వస్తువు దువ్వెన అని మీరనుకున్నారు. దానికంటే మంచిది రెండో పేజీలో ఒక్క వాక్యంలో పడి ఉంది. ‘తాత ఆకురాయితో రాస్తుంటే నేల మీద పడిన రజనును మామ్మ ఊడ్చి మల్లెపాదులో పోస్తుంది.’ ఇంటి వాతావరణం కోసం రాసి వదిలేశారు. మీ సినిమా మొత్తం ఆ వాక్యంలో ఉంది. రజను ఒకరి పని మీద పుట్టి ఇంకొకరి పనిగా మారుతుంది. కొమ్ము పొడి మొక్కకు మంచి ఎరువు కాబట్టి అది ఉత్త అందం కోసం పెట్టిన పని కూడా కాదు. అన్నిటికీ మించి, తాత లేకపోతే రజను రాలదు. ఆయన లేరని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు మొదటి నిమిషం కట్టి చూపిస్తాను.

మీరు సినిమాను మామ్మ ఒంటరితనంతో మొదలుపెట్టారు. అక్కడే చిక్కు. మునుపు ఎలా ఉండేదో చూడనివాడికి ఇప్పుడున్నది లోటుగా కనబడదు, మామూలుగా కనబడుతుంది. అందుకే తాతను బతికి ఉండగా చూపించండి, ముందే, వరసలోనే. అప్పుడు ఫ్లాష్‌బ్యాక్ అవసరమే రాదు. మాటలున్న సినిమాలో ‘ఆ రోజుల్లో’ అని ఒకరు అంటే మనం వెనక్కి వెళ్ళామని తెలుస్తుంది. మాటల్లేనిచోట రంగు పసుపుగా మార్చినంత మాత్రాన కొందరు కల అనుకుంటారు, కొందరు సాయంత్రమైంది అనుకుంటారు. ఈ లోపు రెండు షాట్లు దాటిపోతాయి.

మొదటి సాయంత్రానికి 25 సెకన్లు ఇవ్వండి. తాత చేతిలో ఆకురాయి, దువ్వెన. రజను నేల మీద పడుతుంది. చీపురు అంచు ఫ్రేములోకి వస్తుంది. తాత చూడకుండానే కాళ్ళు పైకెత్తుతాడు. ఈ కాళ్ళెత్తడం వదలకండి, నలభై ఏళ్ళ కాపురం అందులో ఉంది. మామ్మ రజనును చేటలోకి ఎత్తి మల్లెపాదులో పోస్తుంది. రెండో సాయంత్రానికి 12 సెకన్లు చాలు: రజను, చీపురు, కాళ్ళు, పాదు. మూడోసారి 6 సెకన్లు: చీపురు వస్తుంది, కాళ్ళు లేస్తాయి, అంతే.

మొదటిసారి చూసినప్పుడు అది ఒక సంఘటన. రెండోసారికి అలవాటని తెలుస్తుంది. మూడోసారికి మీరు సగమే చూపిస్తారు, మిగతా సగం చూసేవాడు తనే పూరిస్తాడు. అంటే ఇప్పుడు అతను ఎదురుచూస్తున్నాడన్నమాట. నాలుగోసారి అదే కోణం, అదే దూరం, నేల మీద అదే చోటు. చీపురు వస్తుంది. కాళ్ళు లేవు. నేల శుభ్రంగా ఉంది. చీపురు ఒక్క క్షణం ఆగి, ఏమీ లేని నేలను ఊడుస్తుంది. ఈ షాటును 8 సెకన్లు కదలకుండా పట్టుకోండి. మొత్తం 51 సెకన్లయింది. మామ్మ ముఖం ఇంకా చూపించలేదు, అయినా చూసేవాడికి గొంతు పట్టేసి ఉంటుంది.

కెమెరా కోణం నాలుగుసార్లూ ఒక్కటే ఉండాలని పట్టుబట్టేది ఇందుకే. కోణం మారిస్తే చూసేవాడి కన్ను కొత్త గదిని వెతుక్కుంటుంది, మారిన వస్తువును కాదు. గీసేవాళ్ళు ‘ఒకే షాటు నాలుగుసార్లా, విసుగు’ అంటారు. వినకండి.

ఒక ఇబ్బంది ఉంది. నేల ఖాళీగా ఉంటే తాత పోయాడనే తెలుస్తుందా? బజారుకు వెళ్ళాడనుకోవచ్చు, ఒంట్లో బాగాలేదనుకోవచ్చు. ఇక్కడ దండ వేసిన ఫోటో వాడుకోండి. మీరు దాన్ని తెర నిండా పెట్టి, మామ్మ దాని ముందు నిలబడి ఏడ్చినట్టు రాశారు. అలా కాకుండా చీపురు షాటు తర్వాత వచ్చే గది షాటులో, వెనక గోడ మీద ఒక మూల ఉంచండి. సమాచారానికీ భావానికీ ఒకే గుర్తు వాడకూడదు. ‘ఆయన పోయారు’ అన్నది సమాచారం. దానికి అందరికీ తెలిసిన పాత గుర్తు, ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ‘ఆయన లేని ఇల్లు ఎలా ఉంది’ అన్నది భావం. దానికి మీ సినిమాలో పుట్టిన గుర్తే కావాలి. దండ ఫోటో లక్ష సినిమాల్లో ఉంది, ఏమీ లేని నేలను ఊడ్చే చీపురు మీ ఒక్క ఇంట్లోనే ఉంది.

ముఖం సంగతి. సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ 1920 ప్రాంతంలో చేసిన ప్రయోగం గురించి వినే ఉంటారు. ఒక నటుడి ఒకే ముఖాన్ని సూపు గిన్నె పక్కన, శవపేటిక పక్కన, అమ్మాయి పక్కన అతికించి చూపిస్తే జనం ఆ ముఖంలో ఆకలి, దుఃఖం, కోరిక చూశారని చెబుతారు. మీకు దీని ఉపయోగం చాలా సూటిగా ఉంటుంది. ఖాళీ నేల తర్వాత వచ్చే మామ్మ ముఖాన్ని దాదాపు ఏ భావమూ లేకుండా గీయండి. ఒక్క రెప్పపాటు చాలు. గీతల పనీ తగ్గుతుంది. అయితే ఆమె దేన్ని చూస్తోందో సందేహం ఉండకూడదు. నేల తెరకు ఎడమ వైపు కింద ఉంటే ఆమె కళ్ళు ఎడమకు కిందికే ఉండాలి. చూపు దిక్కు తప్పితే ఆ ముఖం ఉత్త ఖాళీ ముఖమే.

ఇక అందరూ ‘ఎందుకు ఆగిపోయింది?’ అని అడిగిన చోటు. మీరు రాసింది ఇలా ఉంది: ‘రాత్రంతా మామ్మకు నిద్ర పట్టదు. వెళ్ళాలా వద్దా అని నలిగిపోతుంది. తెల్లవారేసరికి ఒక నిర్ణయానికి వస్తుంది.’ తెర మీద ఇది మంచం మీద అటూ ఇటూ దొర్లే ముసలావిడ. దోమలు కుడుతున్నాయేమో అనుకున్నా తప్పులేదు.

తర్జనభర్జనను బొమ్మలో పెట్టాలంటే రెండు వస్తువులు, ఒక చెయ్యి కావాలి. నేనైతే ఇలా రాస్తాను:

మనవడు బ్యాగు సర్దుతుంటాడు. చీరలు, మందుల డబ్బా, దండ తీసిన ఫోటో.
గూట్లో సగం దువ్వెన. మనవడు దాన్ని తువ్వాలులో జాగ్రత్తగా చుట్టి బ్యాగులో పెడతాడు.
గూట్లో దువ్వెన ఉన్న మేర దుమ్ము లేదు. దువ్వెన ఆకారంలో శుభ్రమైన మచ్చ.
మామ్మ వేలు ఆ మచ్చ అంచు వెంట వెళ్తుంది.
రాత్రి. మనవడు నిద్రపోతున్నాడు. మామ్మ చెయ్యి బ్యాగు జిప్పు తీస్తుంది.
తాత పీట. మామ్మ దాని మీద కూర్చోదు. పక్కన నేల మీద కూర్చుంటుంది.
రంపం దువ్వెన మీద ఆనుతుంది. జారుతుంది. మళ్ళీ ఆనుతుంది.

ఒక వరసకు ఒక షాటు, వర్తమాన కాలం, మనసు క్రియలు సున్నా. రాసింది చదివి ఎవరూ ఏడవరు. పర్వాలేదు, స్క్రిప్టు ఉన్నది గీసేవాడి కోసం. ఇంకొకటి గమనించండి, మనవడు దువ్వెనను పారేయడం లేదు, ప్రేమగానే సర్దుతున్నాడు. మీ ప్రతిలో వాడు ఫోను చూసుకుంటూ విసుక్కున్నాడు. మాటల్లేనప్పుడు పాత్రను చెడ్డవాడిగా చూపించడం మహా సుఖం, అందుకే అందరూ ఆ గోతిలో పడతారు. వాడు మంచివాడైతేనే మామ్మకు వెళ్ళకపోవడం కష్టమవుతుంది.

తెల్లవారి షాటు: దువ్వెన, దగ్గర్నుంచి. ఎడమ సగం పళ్ళు ఒకే ఎడంతో, సన్నగా, తిన్నగా. కుడి సగం వంకర, ఒకటి లావు, ఒకటి విరిగింది. మూడు సెకన్లకు తక్కువ పెట్టకండి, కన్ను ఎడమ నుంచి కుడికి వెళ్ళి తేడా పట్టి మళ్ళీ వెనక్కి రావాలి. లేత రంగు కొమ్మును పలచగా చేస్తే వెలుతురు దాని గుండా తేనె రంగులో వస్తుందని మీకు నేను చెప్పక్కర్లేదు. కిటికీ వెలుగు ఇక్కడే వాడండి, ఇంకెక్కడా వాడకండి. ముఖ్యమైన జాగ్రత్త: సినిమా మొదటి నుంచి చివరి దాకా దువ్వెనను ఒకే దిక్కున గీయాలి, తాత కోసిన సగం ఎప్పుడూ ఎడమే. మధ్యలో ఒక్క షాటులో తిప్పి గీస్తే ఏ సగం ఎవరిదో పోతుంది. స్క్రిప్టు మొదటి పేజీలోనే రాసిపెట్టండి, నలుగురు గీసేచోట ఇది తప్పకుండా తప్పుతుంది.

ఆ తర్వాత నేల. రజను ఉంది. సినిమా మొదట్లో చూసిన అదే కోణం. మీ ముగింపులో మామ్మ మల్లెపూలు కోసి తలలో పెట్టుకుని నవ్వుతుంది. అది తీసేయండి. మీరు ‘మళ్ళీ జీవితం మీద ఆశ’ అనుకుని రాశారు. మన ఊళ్ళలో భర్త పోయిన పెద్దావిడ తలలో పూలు పెట్టుకుంటే చూసేవాళ్ళు చదివేది వేరు. ఆచారాన్ని ఎదిరించిందని ఒకరు, మళ్ళీ పెళ్ళా అని ఒకరు. ఆ విషయం మీద సినిమా తీయదలిస్తే తీయండి, మంచిదే. ఇది మాత్రం ఆ సినిమా కాదు. పువ్వు, బొట్టు, గాజులు మీరు అడగకపోయినా మాట్లాడతాయి. మాటల్లేని సినిమాలో వాటిని ఊరకే అలంకారానికి పెట్టలేం.

చీపురు ఎవరి చేతికివ్వాలన్నదే మిగిలిన ప్రశ్న. మామ్మే ఊడిస్తే ఆమె ఉండిపోయిందని తెలుస్తుంది, కథ సరిపోతుంది. నేనైతే మనవడికిస్తాను. వాడు నిద్ర లేచి, చెప్పులేసుకుని, బ్యాగు భుజాన తగిలించుకుని గదిలోకి వస్తాడు. అడుగు వేయబోయి రజను చూసి ఆగుతాడు. పీట పక్కన మామ్మ గోడకానుకుని కునుకు తీస్తోంది, ఒళ్ళో దువ్వెన. వాడు బ్యాగు కింద పెట్టి చీపురు తీసుకుంటాడు. చీపురు అంచు ఫ్రేములోకి వస్తుంది. మామ్మ కళ్ళు తెరవకుండానే కాళ్ళు దగ్గరికి లాక్కుంటుంది. రజను మల్లెపాదులో పడుతుంది. ఇప్పుడు ‘ఎందుకు ఆగిపోయింది?’ అని ఎవరూ అడగరు. వాడికి అర్థమైంది కాబట్టి వాళ్ళకూ అర్థమవుతుంది.

కార్డుల గురించి అడిగారు. పర్లాకిమిడిలో కూర్చుని ఏ లిపిలో వేస్తారు? మీ వీధిలో తెలుగు మాట్లాడుతూ ఒడియాలో చదువుకున్నవాళ్ళు ఎంతమందో మీకే తెలుసు. ఉత్తరాలు, బోర్డులు, ఆసుపత్రి కాగితాలు కూడా అంతే. కథకు అవసరమైనది ఏదీ అక్షరాల్లో ఉండకూడదు. నేను నా మొదటి సినిమాలో కాలం గడిచిందని చెప్పడానికి ఒక చెయ్యి క్యాలెండర్ కాగితాలు తిప్పినట్టు రాశాను. ఇచ్ఛాపురంలో చుట్టాలకు చూపిస్తే మా పెద్దత్త ‘ముహూర్తం కుదిరిందా?’ అంది. ఆవిడ తప్పేముంది, మన ఇళ్ళలో క్యాలెండర్ కాగితాలు తిప్పేది అందుకే. మీ సినిమాలో కాలం గడవడానికి మల్లెపాదు ఉంది. రజను పడ్డన్నాళ్ళు పచ్చగా, తర్వాత ఆకులు పసుపెక్కి. రెండు షాట్లు చాలు.

చప్పుడు గురించి పెద్దగా చెప్పను. ఆకురాయి చప్పుడు పెట్టండి, బాగుంటుంది. కానీ బొమ్మల వరస ముందు మూగగా నిలబడాలి. సంగీతం వేశాక అన్ని సినిమాలూ అర్థమైనట్టే అనిపిస్తాయి, అదొక మోసం.

పరీక్ష పెట్టే పద్ధతి మాత్రం మార్చండి. బొమ్మలను అసలు నిడివితో వరసపెట్టిన యానిమాటిక్ తయారుచేసి, చప్పుడు తీసేసి, ఆరుగురికి విడివిడిగా చూపించండి. ఇంట్లోవాళ్ళు వద్దు, వాళ్ళకు తాత తెలుసు. ఇద్దరు ఒడియా వాళ్ళు, నది దాటి పాతపట్నంలో ఇద్దరు, పదేళ్ళ పిల్లలిద్దరు. ‘అర్థమైందా?’ అని అడగకండి, మర్యాదకు అందరూ అయిందంటారు. ‘కథ చెప్పండి’ అనండి. వాళ్ళు చెబుతుంటే నోరు మెదపకుండా రాసుకోండి. ‘ఊడ్చింది, తీసింది, కోసింది’ అని చెప్పుకుపోతున్నంతసేపు బాగున్నట్టు. ‘బహుశా’, ‘అనుకుంటా’ అన్నచోట షాటు దిక్కో నిడివో తప్పింది. మనవణ్ణి ‘ఆ డాక్టరు’ అనో ‘ఇల్లు కొనడానికొచ్చినాయన’ అనో అంటే, వాడు గడప దాటిన మొదటి షాటులో బంధుత్వం చూపలేదన్నమాట. మామ్మ కొంగుతో వాడి ముఖం తుడిస్తే సరిపోతుంది. ఒకే చోట ఇద్దరు తడబడితే మార్చండి, ఒక్కరే తడబడితే వదిలేయండి.

చివరగా నిడివి. సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు పట్టుకుంటే సెకనుకు 12 బొమ్మలు. అయిదు నిమిషాలంటే 3,600. మీరొక్కరే గీస్తున్నారని రాశారు. ఈ కథ మూడున్నర నిమిషాల్లో సరిపోతుంది, అప్పుడు 2,520. ఖాళీ నేల, మామ్మ ముఖం, దువ్వెన దగ్గరి షాటు వంటి కదలని చోట్లు ఈ లెక్కలోంచి తీసేస్తే ఇంకా తగ్గుతాయి. మీ స్క్రిప్టులో బస్టాండు, రైలు, హైదరాబాద్ ఫ్లైఓవర్లు ఉన్న రెండు పేజీలు మొదట కోసేయండి. మనవడు ఎక్కడి నుంచి వచ్చాడో బ్యాగు చెబుతుంది. కొత్త యానిమాటిక్ అయ్యాక ఇక్కడే పెట్టండి, ఆ చీపురు షాటు ఎన్ని సెకన్లు పట్టుకున్నారో చూస్తాను. ఎనిమిది రాస్తే నాలుగే పెడతారు, నాకు తెలుసు.